నల్లటి జుట్టు ప్లాటినం కావాలంటే ఒక్కరోజు ఎందుకు చాలదు: మీ పాయల పరీక్షలో తేలింది, మన నాలుగు సిట్టింగుల ప్లాన్

నమస్తే అండి. మొన్న మీ తల వెనక నుంచి కత్తిరించి ఉంచుకున్న మూడు సన్నని పాయల మీద పరీక్ష పూర్తి చేశాను. పొద్దున వచ్చి కూర్చుంటే సాయంత్రానికి ప్లాటినంతో ఇంటికి వెళ్ళొచ్చా అని మీరు అడిగారు. మీ జుట్టుకి అది కుదరదు. నా లెక్క ప్రకారం నాలుగు సిట్టింగులు పడతాయి, ఒక్కోదానికీ మధ్య ఆరు వారాలు. ఐదోది కూడా అవసరం కావచ్చు. ఎందుకో ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాం, అందుకే వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదవండి, చివర్లో మిమ్మల్ని అడగాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మీ జుట్టు ఒకటి కాదు, మూడు

మీ జుట్టు పొడవు 45 సెంటీమీటర్లు. జుట్టు నెలకి సుమారు 1.2 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే మీ చివర్ల వయసు దాదాపు మూడేళ్ళు. మీరు నల్ల రంగు రెండుసార్లు వేసుకున్నానని చెప్పారు, మొదటిసారి 26 నెలల క్రితం, రెండోసారి 14 నెలల క్రితం. ఈ లెక్కన కుదుళ్ళ నుంచి 17 సెంటీమీటర్ల దాకా ఉన్నది రంగు తగలని మీ సొంత జుట్టు. అక్కడి నుంచి 31 సెంటీమీటర్ల దాకా ఒకసారి రంగు పడింది. చివరి 14 సెంటీమీటర్ల మీద రెండుసార్లు పడింది.

అద్దంలో చూస్తే ఇదంతా ఒకే నలుపు. బ్లీచ్ తగిలితే మాత్రం మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. పరీక్షలో అన్నిటికీ ఒకే మిశ్రమం వాడాను, 20 వాల్యూమ్ డెవలపర్‌తో, అంటే 6 శాతం పెరాక్సైడ్‌తో కలిపిన బ్లీచ్, 45 నిమిషాలు. కుదుళ్ళ వైపు భాగం నారింజ కలిసిన బంగారు రంగుకి వచ్చింది. మధ్య భాగం ఎర్రగా ఆగిపోయింది. చివర్లు ముదురు గోధుమ, ఎరుపు కలిసిన రంగు దాటలేదు. తడిపి లాగి చూస్తే పై రెండు భాగాలు సాగి వెంటనే మామూలు స్థితికి వచ్చాయి. చివరి భాగం సాగింది, కానీ తిరిగి రావడానికి కాస్త టైం తీసుకుంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆఖరిదే. మీ జుట్టులో రంగు వదలడానికి అన్నిటికన్నా మొండికేసే భాగమూ, అన్నిటికన్నా బలహీనంగా ఉన్న భాగమూ ఒకటే. ఎక్కువ బ్లీచ్ కావాల్సిన చోటే తక్కువ బ్లీచ్ తట్టుకుంటుంది. మన ప్లాన్ అంతా ఈ ఇబ్బంది చుట్టూనే వేశాను.

ప్లాటినం అంటే వేసే రంగు కాదు

చాలామంది ప్లాటినం అనేది ట్యూబులో దొరికే ఒక రంగు అనుకుంటారు. జుట్టులో ఉన్న రంగు దాదాపు మొత్తం తీసేశాక మిగిలేదే ప్లాటినం. దాని మీద పల్చటి ఊదా టోనర్ ఒకటి వేస్తాం, అంతే.

మేము జుట్టు నలుపు, తెలుపులని 1 నుంచి 10 లెవెల్స్‌గా కొలుస్తాం. 1 అంటే కారు నలుపు, 10 అంటే అతి లేత పసుపు, అరటిపండు తొక్క లోపలి వైపు ఉండే రంగు. మీ సొంత జుట్టు 2లో ఉంది. ప్లాటినం టోనర్ పట్టాలంటే 10కి రావాలి. ఎనిమిది మెట్లు ఎక్కాలన్నమాట, ఏ మెట్టునూ దాటేయడం కుదరదు.

జుట్టు లోపల రెండు రకాల మెలనిన్ ఉంటుంది. నలుపు, గోధుమ రంగులు ఇచ్చేది యూమెలనిన్. ఎరుపు, పసుపు ఇచ్చేది ఫియోమెలనిన్. బ్లీచ్‌కి యూమెలనిన్ త్వరగా లొంగుతుంది, ఫియోమెలనిన్ మొండిది. అందుకే నల్లటి జుట్టు రంగు లేతబడుతూ పోయేటప్పుడు నలుపు నుంచి నేరుగా తెలుపుకి పోదు. ముందు ముదురు ఎరుపు, తర్వాత ఎరుపు నారింజ, నారింజ, బంగారు రంగు, పసుపు, చివరికి లేత పసుపు. మధ్యలో మీ జుట్టు నారింజ రంగులో కనిపిస్తే ఏదో తప్పు జరిగిందని టెన్షన్ పడకండి. లెవెల్ 6 రంగే అది.

మొదటి నాలుగైదు మెట్లు త్వరగా ఎక్కుతాం, చూస్తుండగానే నలుపు కరిగిపోతుంది. దాంతో ఇంకో అరగంట ఉంచితే అయిపోతుందిలే అనిపిస్తుంది. నారింజ నుంచి లేత పసుపుకి వెళ్ళే చివరి మూడు మెట్లే జుట్టుకి అసలు పరీక్ష, ఎందుకంటే అప్పటికే నలిగిపోయి ఉన్న జుట్టు మీద ఆ పని చేయాలి.

నారింజ రంగు మీదే ఊదా టోనర్ వేసేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. టోనర్ జుట్టు రంగుని లేత చేయదు. ఉన్న రంగుకి ఎదురు రంగు కలిపి దాన్ని అణిచిపెడుతుంది, అంతవరకే దాని పని. ఊదా పసుపుని అణుస్తుంది, నీలం నారింజని అణుస్తుంది. లెవెల్ 7 జుట్టు మీద నీలం టోనర్ వేస్తే మసక గోధుమ రంగు వస్తుంది గానీ ప్లాటినం రాదు. పైగా టోనర్ కొన్ని వారాల్లో కడుక్కుపోతుంది, కింద దాక్కున్న నారింజ మళ్ళీ బయటపడుతుంది.

అలాగే 10 దాటి పూర్తి తెలుపు వచ్చేదాకా బ్లీచ్ ఉంచడం కూడా కుదరదు. జుట్టుకి ఆధారమైన కెరటిన్‌కే సహజంగా కాస్త పసుపు ఛాయ ఉంటుంది. ఆ ఛాయ కూడా పోవాలని చూస్తే పోయేది జుట్టే.

బ్లీచ్ రంగుతో పాటు ఇంకేం తీస్తుంది

బ్లీచ్ పొడిలో పెర్సల్ఫేట్ లవణాలు ఉంటాయి. దాన్ని డెవలపర్‌తో, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలుపుతాం. ఆ మిశ్రమం క్షార గుణంతో జుట్టు పై పొరలో ఉన్న పొలుసులని ఉబ్బించి లేపుతుంది, లోపలికి వెళ్ళి మెలనిన్‌ని ఆక్సీకరణతో ముక్కలు చేస్తుంది.

అది మెలనిన్‌ని మాత్రమే వెతుక్కుంటూ వెళ్ళదు. కెరటిన్ పోగులని ఒకదానికొకటి పట్టి ఉంచే గంధకపు బంధాలు కొన్ని కూడా దానితో తెగిపోతాయి. జుట్టు పైన పుట్టుకతో వచ్చే పల్చటి కొవ్వు పొర కూడా పోతుంది. వెంట్రుక మీద నీళ్ళు జారిపోయేది, దువ్వెన సాఫీగా దిగేది ఆ పొర వల్లే. అది పోయాక జుట్టు నీళ్ళు ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆలస్యంగా ఆరుతుంది, చిక్కులు పడుతుంది.

చర్మం మీద గీత పడితే మానుతుంది. వెంట్రుకలో జీవకణాలు లేవు, కాబట్టి అలా మానదు. బ్లీచ్ మిశ్రమంలో నేను బాండ్ బిల్డర్ కలుపుతాను, తెగే బంధాలని అది కొంతవరకు కాపాడుతుంది. దాన్ని నేను నమ్ముతాను, కానీ అది ఉంది కదా అని ఒక్కరోజులో ఎనిమిది మెట్లు ఎక్కించను.

మరి జుట్టు మానదంటే ఆరు వారాల విరామం ఎందుకు? మంచి ప్రశ్నే. విరామంలో జుట్టు కోలుకుంటుందని చెప్పే స్టైలిస్టులు ఉన్నారు, నేను అలా చెప్పను. నాకు ఆ ఆరు వారాలు రెండు కారణాలకి కావాలి. ఒకటి, మాడు చర్మం. అది జీవమున్నది, దానికి నిజంగానే విశ్రాంతి కావాలి. రెండోది, బ్లీచ్ చేసిన రోజు జుట్టు నిజం చెప్పదు. అప్పుడే కండిషనర్ పెట్టి ఆరబెట్టిన జుట్టు ఎంత దెబ్బతిన్నా మెత్తగానే ఉంటుంది. పది పదిహేను సార్లు కడిగి, రోజూ దువ్వి, తలగడ మీద పడుకున్నాక దాని అసలు బలం బయటపడుతుంది. చిట్లేది ఎక్కడో, తెగేది ఎక్కడో అప్పుడు కనిపిస్తుంది. అది చూశాకే తర్వాతి సిట్టింగ్‌లో ఎక్కడ ఎంత చేయాలో తేల్చుకుంటాను.

గట్టి డెవలపర్ వాడితే త్వరగా అవుతుంది కదా అని కూడా చాలామంది అంటారు. 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడ్, 40 వాల్యూమ్ అంటే 12 శాతం. 40తో నలుపు త్వరగా పోతుంది, నిజమే. అదే వేగంతో బంధాలు కూడా తెగుతాయి, మధ్యలో చూసి ఆపడానికి నాకు టైం దొరకదు. 20తో నెమ్మదిగా వెళ్తే పది నిమిషాలకోసారి ఒక పాయ తుడిచి చూసుకోవచ్చు. మీ తల మీద 20కి మించి వాడను.

మొదలుపెట్టే ముందు

టోనర్ కొద్దిగా మీ చెవి వెనక రాసి 48 గంటలు చూస్తాం. దురద, ఎరుపు, వాపు ఏది వచ్చినా చెప్పండి, అప్పుడు ముందుకి వెళ్ళం. ప్రతి సిట్టింగ్‌కీ ముందు రోజు తలస్నానం చేయకండి, మాడు మీద ఉండే సహజ జిడ్డు కాస్త రక్షణగా ఉంటుంది. గోళ్ళతో గీరకండి, గట్టి దువ్వెనతో రుద్దకండి. చిన్న గీత ఉన్నా బ్లీచ్ అక్కడ మండుతుంది.

మొదటి సిట్టింగ్: రంగు పడిన భాగం మాత్రమే

మీ సొంత జుట్టు ఉన్న 17 సెంటీమీటర్లని ఆ రోజు అసలు ముట్టుకోను. అది ఎలాగూ త్వరగా లేతబడుతుంది. ముందే దాన్ని లేత చేస్తే కింద భాగం అందుకోలేదు, పైన పసుపు, కింద ఎరుపుగా మిగులుతుంది.

కృత్రిమ నలుపు ఎందుకు మొండికేస్తుందంటే, పర్మనెంట్ రంగు చిన్న అణువులుగా జుట్టు లోపలికి వెళ్ళి, అక్కడ ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై ఇరుక్కుపోతుంది. దాని మీద లేత రంగు ఇంకోటి వేస్తే అది కరగదు, బ్లీచే కావాలి. బ్లీచ్‌తో కూడా అది సమానంగా వదలదు, ఒకచోట ఎరుపు, ఇంకోచోట నల్లటి మచ్చ మిగులుతాయి.

అందుకే జుట్టుని చాలా పల్చని వరుసలుగా తీసి ఫాయిల్స్‌లో పెడతాను. వరుసలోంచి ఫాయిల్ కనిపించేంత పల్చగా ఉండాలి, లేకపోతే బ్లీచ్ మధ్య వెంట్రుకలకి చేరదు. 30 గ్రాముల పొడికి 60 మిల్లీలీటర్ల డెవలపర్ చొప్పున, కొద్దికొద్దిగా తాజాగా కలుపుకుంటాను. రెండుసార్లు రంగు పడిన చివరి 14 సెంటీమీటర్లకి ముందు పెడతాను, పావుగంట తర్వాత మధ్య భాగానికి. పది నిమిషాలకోసారి తడి దూదితో ఒక పాయ తుడిచి రెండు విషయాలు చూస్తాను, రంగు ఎక్కడికి వచ్చింది, లాగితే ఎలా ఉంది. బ్లీచ్ ఎండిపోతే పని ఆగిపోతుంది కాబట్టి అది తడిగా ఉందో లేదో కూడా చూడాలి. ఎంతైనా 50 నిమిషాలు దాటనివ్వను, లేతగా రాలేదని ఇంకో పూత కూడా వేయను.

ఆ రోజు మనం ఆశించేది లెవెల్ 5, మహా అయితే 6. కడిగాక రాగి, గోధుమ కలిసిన టోనర్ వేసి పంపిస్తాను. పైన నలుపు, కింద రాగి రంగుతో ఇంటికి వెళ్తారు. ఆరు వారాలు ఆ రంగుతో బయట తిరగాలి కదా, అందుకే మధ్య రంగులు కూడా చూడ్డానికి బాగుండాలని నా పట్టుదల.

రెండో సిట్టింగ్, 6వ వారం: పై భాగాన్ని కలపడం

ముందు పొడి జుట్టు చూస్తాను, తర్వాత తడిపి చూస్తాను. ఒక వెంట్రుకని తడిపి మెల్లగా లాగితే దాని పొడవులో మూడో వంతు దాకా సాగి, వదిలితే వెనక్కి రావాలి. సాగకుండా టప్పున తెగితే పెళుసుబారిందని అర్థం. సాగి సాగి అలాగే ఉండిపోతే లోపలి బంధాలు చాలా పోయాయని అర్థం. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ భాగానికి ఆ రోజు బ్లీచ్ లేదు.

అంతా బాగుంటే చివర్లకి, మధ్య భాగానికి ముందు పెట్టి, ఆఖర్న మీ సొంత జుట్టుకి పెడతాను. అది కూడా మాడుకి 2 సెంటీమీటర్ల దూరం నుంచే. మాడు వేడికి కుదుళ్ళ దగ్గర బ్లీచ్ చాలా వేగంగా పనిచేస్తుంది. మొదట్లోనే అక్కడ పెడితే కుదుళ్ళు తెల్లగా, మిగతాది నారింజగా తయారవుతాయి, దాన్ని సరిచేయడం చాలా కష్టం.

ఆ రోజుకి మొత్తం జుట్టు లెవెల్ 7 దగ్గర కలవాలి. చివర్లు అరమెట్టు వెనకపడినా ఫర్వాలేదు. మూడు జుట్లు ఒకటయ్యేది ఈ సిట్టింగ్‌లోనే, నాలుగింటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

మూడో సిట్టింగ్, 12వ వారం: బంగారం నుంచి పసుపుకి

ముందుగా చివర్లు ఐదారు సెంటీమీటర్లు కత్తిరిస్తాను. అప్పటికి అవి రెండు రంగులు, రెండు బ్లీచ్‌లు చూసి ఉంటాయి. మిగిలిన చివర్లకి 10 వాల్యూమ్, అంటే 3 శాతం డెవలపర్‌తో సరిపెడతాను, మిగతా పొడవుకి 20. మొత్తం తలకి సమానంగా పూయడం ఇక ఉండదు. ఎక్కడ నారింజ మిగిలిందో అక్కడే పెడతాను. ఇప్పటికే పసుపు వచ్చిన చోట మళ్ళీ బ్లీచ్ పడకుండా అక్కడ కండిషనర్ రాసి పక్కకి తీస్తాను.

గమ్యం లెవెల్ 9, అంటే నారింజ ఛాయ లేని స్వచ్ఛమైన పసుపు. మీరు ఇక్కడితో ఆపేయాలనుకుంటే కూడా ఆపొచ్చు. కుదుళ్ళు నల్లగా ఉండి కిందికి లేత బంగారు రంగు దిగితే అది పూర్తయిన లుక్‌లాగే ఉంటుంది. కుదుళ్ళని చివరిదాకా ముట్టుకోకపోవడానికి ఇదీ ఒక కారణమే. మనసు మారితే దారి మూసుకుపోకూడదు.

నాలుగో సిట్టింగ్, 18వ వారం: కుదుళ్ళు, ఆ తర్వాత టోనర్

ఈ రోజే బ్లీచ్ మాడుకి తగులుతుంది. ముందు పొడవులో మిగిలిన పసుపుని 10కి దగ్గర చేస్తాను, ఆ తర్వాత కుదుళ్ళ దగ్గర మిగిలిన నల్ల జుట్టుకి 20 వాల్యూమ్‌తో పెడతాను. చురుకుమనడం మామూలే. మంట అనిపిస్తే మాత్రం ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి, అప్పటికప్పుడు కడిగేద్దాం. ఓర్చుకుని కూర్చున్నవాళ్ళ మాడు మీద పొక్కులు లేవడం చూశాను.

2 నుంచి 10కి కుదుళ్ళు ఒక్క పూతతో రాకపోవచ్చు. కడిగి చూసి, మాడు ఎర్రబడకుండా ఉంటేనే అదే రోజు రెండో పూత వేస్తాను. ఎర్రబడితే ఇక ఐదో సిట్టింగే.

అంతా లేత పసుపుకి వచ్చాక ఊదా టోనర్. ఇది ఐదు నుంచి పదిహేను నిమిషాల పని, రెండు నిమిషాలకోసారి చూసుకోవాలి. బ్లీచ్ చేసిన జుట్టు స్పాంజిలాగా పీల్చుకుంటుంది, చివర్లు ముందే ఊదాగా మారిపోతాయి. అందుకే కుదుళ్ళకి ముందు, చివర్లకి ఆఖరి రెండు మూడు నిమిషాలు మాత్రమే.

నేను ఎక్కడ ఆపేస్తాను

ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒకావిడ పెళ్ళికి వెళ్ళాలని బతిమాలితే ఒకే రోజు మూడు పూతలు వేశాను. ఆవిడదీ మీలాగే రంగు వేసిన నల్లటి జుట్టు. మూడో పూత కడుగుతుంటే వెనక భాగంలో జుట్టు నా వేళ్ళకి బంకలా సాగింది. దువ్వెన పెడితే పాయ దువ్వెనతో పాటు వచ్చేసింది. రంగు మాత్రం అనుకున్నట్టే వచ్చింది. ఆవిడ ఏడుపు, నేను ఏం చెప్పాలో తెలియక నిలబడిపోవడం ఇప్పటికీ గుర్తున్నాయి. తప్పు నాదే. కడగక ముందే, రెండో పూత దగ్గరే, తడి జుట్టు లాగి చూసి ఉంటే తెలిసేది. నేను చూడలేదు.

అందుకే ఇప్పుడు రంగు ఎంత బాగా వస్తున్నా, పాయ సాగి వెనక్కి రాకపోతే అక్కడితో ఆపేస్తాను. మీరు కుర్చీలో ఉండగా ఇంకో పది నిమిషాలు ఉంచమని అడిగినా ఉంచను. ముందే చెప్పాను కాబట్టి ఆ రోజు నా మీద కోపం తెచ్చుకోరని ఆశ.

మధ్య వారాల్లో మీరు చేయాల్సినవి

తడి జుట్టుని గట్టిగా కట్టకండి, తువ్వాలుతో రుద్దకండి. చిక్కు తీసేటప్పుడు పెద్ద పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. ప్రతి తలస్నానానికీ కండిషనర్ తప్పనిసరి, వారానికి ఒకసారి హెయిర్ మాస్క్. ప్రోటీన్ మాస్క్ మంచిదని రోజూ వాడకండి, ఎక్కువైతే జుట్టు గట్టిపడి విరుగుతుంది. స్ట్రెయిట్‌నర్ మానేయగలిగితే మంచిది, మానలేకపోతే 180 డిగ్రీలు దాటనివ్వకండి. ఈత కొలనులో దిగేముందు జుట్టుని మామూలు నీళ్ళతో బాగా తడపండి. ఆ నీళ్ళలో రాగి ఉంటే లేత జుట్టుకి పచ్చదనం అంటుకుంటుంది, ముందే తడిసిన జుట్టు దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది.

ఊదా షాంపూ ఇప్పుడే కొనకండి. నారింజ మీద అది ఏం చేయలేదు. మూడో సిట్టింగ్ తర్వాత వారానికి ఒకసారి చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మధ్యలో రాగి రంగు నచ్చక ఇంట్లో ఏదో ఒక రంగు వేసేసుకోవద్దు. ఒక్క పెట్టె రంగుతో మనం మళ్ళీ మొదటి సిట్టింగ్‌కి వెళ్ళిపోతాం, ఈసారి ఇంకా బలహీనమైన జుట్టుతో. నచ్చకపోతే నాకు ఫోన్ చేయండి, టోనర్ మారుస్తాను.

ప్లాటినం వచ్చాక కూడా ఐదారు వారాలకోసారి కుదుళ్ళ కోసం రావాలి. కుదుళ్ళు 2 సెంటీమీటర్లు దాటి పెరిగితే మాడు వేడి కొంత భాగానికే అందుతుంది, దానికి కింద బంగారు రంగు పట్టీ ఒకటి మిగిలిపోతుంది. ఆ రాకపోకలు మీకు కుదురుతాయో లేదో ఇప్పుడే ఆలోచించుకోండి.

ఇప్పుడు మీ నుంచి నాకు కావాల్సినవి

ఈ మూడేళ్ళలో హెన్నా, ఇండిగో పొడి, లేదా పేరు సరిగ్గా తెలియని పొడి రంగు ఏదైనా వాడారా? ఒక్కసారైనా సరే చెప్పండి. స్వచ్ఛమైన హెన్నా కెరటిన్‌ని అంటిపెట్టుకుని నారింజ దగ్గరే ఆగిపోతుంది, ఇండిగో ఒక్కోసారి ఆకుపచ్చగా తేలుతుంది. లోహ లవణాలు కలిసిన పొడి రంగులు మరీ ప్రమాదం, పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. నా పరీక్షలో వేడి కనిపించలేదు, కానీ మూడు పాయలు తల మొత్తానికి సాక్ష్యం కాదు. రసాయనాలతో స్ట్రెయిట్‌నింగ్ చేయించుకుని ఉంటే అది కూడా చెప్పాలి. ఆ భాగం మీద కొన్ని రకాల్లో బ్లీచ్ అసలు పెట్టకూడదు.

రెండోది మీరు నిర్ణయించుకోవాల్సింది. చివరి 14 సెంటీమీటర్లు, అంటే రెండుసార్లు రంగు పడిన భాగం, ఇప్పుడే కత్తిరించేస్తే జుట్టు 31 సెంటీమీటర్లు మిగులుతుంది, భుజాల కిందికి వస్తుంది. అప్పుడు నాలుగు సిట్టింగులు మూడవ్వడానికి మంచి అవకాశం ఉంది, రంగు కూడా సమానంగా వస్తుంది. పొడవు ఉంచుకోవాలనే మీ ఇష్టమైతే నాలుగు సిట్టింగుల ప్లాన్‌తోనే వెళ్దాం. కాకపోతే ఆ 14 సెంటీమీటర్లు 10 దాకా రాకుండా 9 దగ్గర, మీగడ రంగులో ఆగిపోవచ్చని ముందే ఒప్పుకోవాలి. పరీక్ష చేసిన మూడు పాయలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వచ్చి ఆ చివర్లని మీ చేత్తో తడిపి లాగి చూడండి, ఆ తర్వాతే ఏదో ఒకటి చెప్పండి.